‘ఏదైనా కావాలంటే అడగండి’ అని రాయడం మానేశాక

రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే మా ఆఫీసు. పెద్ద టవర్, అందులో ఆరో అంతస్తు మాది. మా విభాగంలో అరవై మంది దాకా ఉంటాం. మాటలన్నీ స్లాక్ అనే మెసేజింగ్ యాప్‌లోనే నడుస్తాయి. ఎవరైనా కొత్తగా చేరితే మేనేజరు టీమ్ ఛానెల్‌లో పరిచయం రాస్తారు, కింద అందరూ వరసగా ‘వెల్‌కమ్’ అంటారు. ఏడేళ్లుగా నేనూ అదే చేశాను. నా వాక్యం ఎప్పుడూ ఒకటే: ‘టీమ్‌లోకి స్వాగతం, ఏదైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి.’

ఆ వాక్యం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదని నాకు తెలియజెప్పినవాడు నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి. రెండేళ్ల కిందట చేరాడు. ఛానెల్‌లో ముప్పై నాలుగు స్వాగతాలు వచ్చాయి, అందులో ఒకటి నాది. అతను ప్రతి ఒక్కరికీ విడివిడిగా ‘థాంక్యూ సర్’, ‘థాంక్యూ మేడమ్’ అని జవాబిచ్చాడు. ఆ తర్వాత మూడు వారాలు మధ్యాహ్నం సీటు దగ్గరే బిస్కెట్లు తిని గడిపాడట. క్యాంటీన్‌లో డబ్బు తీసుకోరు, ఫోన్ యాప్‌లో ముందుగా వేసుకున్న మొత్తం నుంచే కోత పడుతుంది. మొదటి రోజు కౌంటర్ దగ్గర నోటు తీస్తే ‘యాప్ లేదా?’ అన్నారు, వెనక లైను ఉంది, సిగ్గుపడి తిరిగొచ్చేశాడు. ఎవరినీ అడగలేదు. నాలుగు నెలల తర్వాత టీ దగ్గర ఈ సంగతి చెప్తుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. నా సీటుకీ అతని సీటుకీ మధ్య దూరం పదడుగులు.

‘నన్ను అడగాల్సింది కదా’ అన్నాను. ‘ఎవరిని అడగాలో తెలిస్తే కదన్నా’ అన్నాడు. ముప్పై నాలుగు మంది అడగమన్నారు. అందులో నిజంగా ఖాళీగా ఉన్నదెవరో, మర్యాదకి అన్నదెవరో ఛానెల్ చూసి చెప్పడం కొత్తవాళ్ల వల్ల కాదు. పైగా ఏది అడగదగిన విషయమో, ఏది అడిగితే నవ్వుతారో కూడా అప్పుడే తెలియదు. అడిగే భారమంతా వాళ్ల మీద పెట్టి మనం ఒక వాక్యంతో ఒడ్డెక్కుతాం.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. మేమంతా నాలుగు నెలలుగా అతన్ని పిలుస్తున్నది ఇంటిపేరుతో. మన వైపు ఇంటిపేరు ముందు రాస్తాం కదా, సర్టిఫికెట్లలో ఉన్న వరసే ఉద్యోగపు ఫారంలోకి వెళ్లింది, మొదటి మాటే అసలు పేరనుకుని స్లాక్‌లో అదే కనిపించేట్టు అకౌంటు తయారైంది. మొదటి రోజు ముప్పై నాలుగు మంది దానితోనే స్వాగతం చెప్పేసరికి, ఇక దిద్దడం బాగుండదని ఊరుకున్నాడు. ప్రొఫైల్లోకి వెళ్లి కనిపించే పేరు తనే మార్చుకోవచ్చని చూపిస్తే అర నిమిషంలో అయిపోయింది. అర నిమిషపు పనికి నాలుగు నెలలు పట్టింది.

ఈ ఏడాది జూన్‌లో ఒక సోమవారం మా టీమ్‌లోకి ఒకమ్మాయి వస్తోందని మేనేజరు ముందే చెప్పారు. చదువయ్యాక రెండేళ్లు పుణెలో చేసింది, సొంతూరు సోలాపూర్. ఈసారి పలకరింపు సరిగ్గా చేయాలని ముందే నిశ్చయించుకున్నాను.

ఆదివారం రాత్రి కూర్చుని సందేశం రాద్దామని స్లాక్ తెరిస్తే ఆమె పేరు ఇంకా దొరకలేదు. అకౌంటు చేరిన రోజే తయారవుతుంది, అంతదాకా పంపడానికి మనిషే ఉండదు. నాకు నేను పంపుకునే నోట్స్ పెట్టెలో ముసాయిదా రాసుకుని ఉంచాను. అదే మంచిదైంది, ఎందుకంటే రాత్రి రాసినదాన్ని పొద్దున చదివితే రెండు తప్పులు కనిపించాయి.

మొదటిది, ఆఫీసు నేనొక్కణ్నే చూపిస్తానని రాశాను. నాకు నలభై రెండేళ్లు, ఆమెకు ఇరవై నాలుగో ఇరవై ఐదో. ముఖం కూడా చూడని మగమనిషి చేరిన రోజే విడిగా సందేశం పెట్టి ‘రండి, అన్నీ చూపిస్తాను’ అంటే ఆ పిల్ల ఏమనుకోవాలి? నా మనసులో ఏముందో నాకు తెలుసు, ఆమెకు తెలిసే దారి లేదు. వద్దనాలనిపించినా సీనియర్ని కాదనడం కష్టం. అందుకని మా టెస్టింగ్ లీడ్ గారిని అడిగాను. ఖమ్మం ఆవిడ, మా అంతస్తులో ఆమెకు తెలియని మూల లేదు. ‘ఇద్దరం చూపిద్దాం అండీ, మీరుంటే ఆ అమ్మాయికి తేలికగా ఉంటుంది’ అన్నాను. ‘మీరు లేకపోయినా నేను చూపిస్తాను, మీరుంటే కాస్త తొందరగా అవుతుంది’ అన్నారు, నవ్వుతూ. మొదటి నుంచే ముగ్గురం ఉండేట్టు ఒక గ్రూపు సంభాషణ మొదలుపెట్టాలని అనుకున్నాం. ఇద్దరి మధ్య మొదలైన సంభాషణలోకి తర్వాత మూడో మనిషిని చేర్చాలంటే స్లాక్ మరో కొత్త సంభాషణ తెరుస్తుంది, మొదట రాసినది పాతదాంట్లోనే ఉండిపోతుంది. కాబట్టి ముగ్గురూ మొదటి వాక్యం నుంచీ ఒకేచోట ఉండాలంటే మొదలే అలా పెట్టాలి.

రెండో తప్పు, నేను రాసింది మళ్లీ ప్రశ్నగానే ఉంది: ‘మీకెప్పుడు వీలైతే అప్పుడు చెప్పండి, చూపిస్తాం.’ మొదటి రోజు వచ్చినవాళ్లకి తమకెప్పుడు వీలో తెలియదు. క్యాలెండర్ ఖాళీగా కనిపిస్తుంది గానీ ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలియక కుర్చీ వదలరు. రోజు, గంట, ఎంతసేపు పడుతుందో, చివరికి ఎక్కడ తేలతామో మనమే రాయాలి. వాళ్లు ఒక్క మాటతో జవాబిచ్చేట్టు ఉండాలి. మేనేజరుతో మాట్లాడి ఆ గంట ఆమెకు వేరే పని పెట్టొద్దని ముందే అడిగి పెట్టుకున్నాను. ఇది చేయకపోతే ఎంత బాగా రాసినా లాభం లేదు. కొత్త మనిషి మేనేజరును అనుమతి అడగాల్సిన పరిస్థితి వస్తే ‘పర్లేదు సర్, తర్వాత చూస్తాను’ అంటుంది, ఆ తర్వాత రానే రాదు.

మేనేజరును ఇంకొకటి కూడా అడిగాను. ఛానెల్‌లో పెట్టే పరిచయం ముందు ఆమెకు చూపించండి అని. మా దగ్గర పరిచయంలో పాత కంపెనీ, చదువు, ఊరు, ఇష్టాయిష్టాలు అన్నీ రాసే అలవాటుంది. చూపిస్తే ఆమె పాత కంపెనీ పేరు తీసేయమందట. కారణం ఎవరూ అడగలేదు. పరిచయం పెట్టేటప్పుడు `@channel` వాడొద్దని కూడా చెప్పాను. మా ఛానెల్‌లో న్యూయార్క్ వైపు పనిచేసేవాళ్లు పదిమంది ఉన్నారు. మనకు పొద్దున పదిన్నర అయితే ఎండాకాలంలో అక్కడ రాత్రి ఒంటిగంట. `@channel` అంటే ఆ సమయంలో ఉన్నా లేకపోయినా ఛానెల్‌లోని అందరికీ కబురు వెళ్తుంది, `@here` అంటే అప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లకే. రాత్రి పూట కబుర్లు ఆపుకునే సౌకర్యం ఉంది, కానీ డ్యూటీలో ఉన్నవాళ్లు దాన్ని తీసేసి పెట్టుకుంటారు. ఒక స్వాగతం కోసం ఎవరి నిద్రా పాడవకూడదు.

సోమవారం పదిన్నరకి పరిచయం వచ్చింది. నేను అక్కడ ఏమీ రాయలేదు, చెయ్యి ఊపే బొమ్మ ఒకటి నొక్కి ఊరుకున్నాను. నాలాగే చేయమని పక్క సీట్లవాళ్లకి చెప్పాను. ఆ బొమ్మ మీద అంకె పెరుగుతుంది, ఆమె ప్రతి ఒక్కరికీ థాంక్యూ రాయక్కర్లేదు. అయినా పదకొండు మంది రాశారు. అది వాళ్ల ప్రేమ, కాదనలేం.

మా సందేశం మధ్యాహ్నం మూడున్నరకు వెళ్లేట్టు పెట్టాను. పంపే బటన్ పక్కన బాణం గుర్తు నొక్కితే సమయం పెట్టుకోవచ్చు. పొద్దున ల్యాప్‌టాప్ తీసుకోవడం, పాస్‌వర్డ్‌లు మార్చడం, బ్యాంకు కాగితాలు, ఫోటో, వీటితోనే సరిపోతుంది. ఆ గోలలో వచ్చిన సందేశం కిందికి జారిపోతుంది. మూడున్నరకు కొంచెం ఊపిరి తీసుకునే వేళ. నేను పంపింది ఇది:

‘నమస్తే అండీ. నేను బిల్లింగ్ పని చూస్తాను, మీ సీటుకి రెండు వరసల అవతల కిటికీ పక్కన కూర్చుంటాను. ఈ గ్రూపులో మా టెస్టింగ్ లీడ్ గారు కూడా ఉన్నారు. రేపు మంగళవారం 11:30కి మేమిద్దరం మీకు ఆఫీసు చూపిద్దామనుకుంటున్నాం. 40 నిమిషాలు పడుతుంది, చివరికి క్యాంటీన్‌లో ఆగి అక్కడే భోంచేద్దాం. ఆ గంట మీకు వేరే పని లేకుండా మేనేజరు గారికి చెప్పాం. బుధవారమైతే నయమనుకుంటే బుధవారం అని ఒక్క మాట రాయండి. మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారో కూడా చెప్పండి.’

ఈ మాటలు నాకు ఇప్పటికీ నచ్చుతాయి. కానీ వీటిని నేను తెలుగు లిపిలో రాశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

మా దగ్గర తెలుగువాళ్లం స్లాక్‌లో తెలుగు రాసుకుంటే ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాం. ఆ రోజు ప్రత్యేకంగా ఉండాలని, ఆప్యాయంగా ఉంటుందని తెలుగు కీబోర్డు పెట్టి రాశాను. ఆమె ఇంటిపేరు సిరిసిల్ల, కరీంనగర్ వైపు పద్మశాలీ కుటుంబాల్లో వినిపించే పేరు. అది చూసే తెలుగమ్మాయని అనుకున్నాను. తెలుగమ్మాయే. సోలాపూర్‌లో నేతపని కోసం తరాల కిందట తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీలు చాలామంది, సోలాపురి దుప్పట్లు నేసే మగ్గాల మీద వాళ్ల చేతులే ఎక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, బడిలో మాత్రం మరాఠీ. మాట వస్తుంది, అక్షరం రాదు. ఇదంతా తెలిసిన విషయమే, నాకు ఆ క్షణంలో తట్టలేదు.

మూడున్నరకు పంపితే ఐదున్నర దాకా జవాబు లేదు. పనిలో ఉందనుకున్నాను. ఐదున్నరకు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు ముక్కలు వచ్చాయి: ‘నాకు తెలుగు మాట్లాడొస్తది సర్, చదవరాదు. రేపు 11:30కి ఓకే.’

చదవడం రాకపోతే 11:30 అని ఎలా తెలిసింది? మర్నాడు టెస్టింగ్ లీడ్ గారు చెప్పారు. సందేశం చూసి అది ఆఫీసు ఆదేశమేమో, వెంటనే చేయాల్సిన పనేమోనని కంగారుపడి, పక్క సీటులో కూర్చున్న అప్పటిదాకా మాట్లాడని అమ్మాయికి ల్యాప్‌టాప్ తిప్పి చూపించి చదివించుకుందట. ఆప్యాయంగా ఉంటుందని రాసిన మాటలను ఒక అపరిచితురాలితో పైకి చదివించుకోవాల్సి వచ్చింది. చేరిన మొదటి రోజే తనకు ఏది రాదో పక్కవాళ్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఆ జవాబు చూడగానే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను: ‘తప్పు నాదమ్మా, అడక్కుండా రాశాను. ఇకనుంచి ఇలాగే రాస్తాను.’ ఇప్పుడు మొదటి పలకరింపు టీమ్ మొత్తానికీ పొత్తయిన ఇంగ్లీషులో రెండు వాక్యాలుగా రాసి, కింద ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘మీతో తెలుగులో మాట్లాడొచ్చా?’ అని అడుగుతున్నాను. పేరు చూసి భాష ఊహించడం మానేశాను. కర్ణాటక సరిహద్దులో పుట్టి కన్నడ మాత్రమే వచ్చిన తెలుగు పేర్లవాళ్లు మా అంతస్తులోనే ఇద్దరున్నారు.

ఏమని పిలవాలన్న ప్రశ్నకి మాత్రం చక్కటి జవాబు వచ్చింది. మరాఠీ పద్ధతిలో ఆమె పేరు మూడు ముక్కలు: తన పేరు, నాన్న పేరు, ఇంటిపేరు. ‘మొదటిదొక్కటే చాలు సర్, నడుమ ఉన్నది మా బాపు పేరు’ అని రాసింది. అదే సాయంత్రం ప్రొఫైల్లో కనిపించే పేరు ఒకే ముక్కగా మారిపోయి ఉంది. అది చూసి నంద్యాల అబ్బాయి గుర్తొచ్చాడు.

మంగళవారం 11:30కి ముగ్గురం ఆమె సీటు దగ్గర కలిశాం. చూపించడం అనగానే ఇదివరకు నా మనసులో ఉన్నది ఒక ఊరేగింపు: ప్రతి వరస దగ్గరా ఆగడం, ఇరవై మంది పేర్లు చెప్పడం, వాళ్లు లేచి నవ్వడం. టెస్టింగ్ లీడ్ గారు అది వద్దన్నారు. ‘రేపటికి ఒక్క పేరూ గుర్తుండదు. ఆమెకు ఈ వారంలో అవసరమయ్యే చోట్లు మాత్రం చూపిద్దాం’ అన్నారు. అందుకే మొదట తలుపు దగ్గరికి తీసుకెళ్లాం.

ఆ తలుపు దగ్గరే అసలు సంగతి తెలిసింది. ఆమె కార్డు కింద గేటుకి పనిచేస్తోంది, ఆరో అంతస్తు తలుపుకి పనిచేయడం లేదు. సోమవారం భోజనం నుంచి తిరిగొచ్చి లిఫ్ట్ దగ్గర పావుగంట నిలబడిందట, లోపలినుంచి ఎవరో వస్తే వాళ్ల వెనకే వెళ్లింది. మా దగ్గర అలా ఒకరి వెనక ఒకరు కార్డు పెట్టకుండా వెళ్లకూడదు, సెక్యూరిటీ వాళ్లు చూస్తే పేరు రాసుకుంటారు. ఆమెకు అది కూడా తెలియదు. కార్డు పెట్టించి చూశాం. ఎర్ర దీపం వెలిగి చిన్న శబ్దం వచ్చింది. మా తలుపుల దగ్గర దానర్థం కార్డు బాగానే ఉంది, ఈ తలుపుకి అనుమతి ఇవ్వలేదని. దీపమే వెలగకపోతే కార్డులోనే లోపం, కొత్తది తీసుకోవాలి. అనుమతి అడగడానికి టికెట్ పెట్టాలి, దాన్ని మేనేజరు ఒప్పుకోవాలి, ఆ తర్వాత అమలులోకి రావడానికి దాదాపు ఒక రోజు. అంతదాకా కింద రిసెప్షన్‌లో తాత్కాలిక కార్డు ఇస్తారు, సాయంత్రం తిరిగిచ్చేయాలి. అక్కడే నిలబడి ఆమె ఫోన్లోంచి టికెట్ పెట్టించాం. నేను మేనేజరుకి ఒక ముక్క రాశాను, రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు.

ఇది ఎవరూ చెప్పకపోతే ఆమె ఇంకెన్నాళ్లు లిఫ్ట్ దగ్గర నిలబడేదో. ‘ఏదైనా కావాలంటే అడగండి’ అన్న వాక్యం దీన్ని ఎప్పటికీ పట్టుకోలేదు, ఎందుకంటే కార్డు పనిచేయకపోవడం తన తప్పేమోననుకుంది ఆ అమ్మాయి.

తర్వాత మీటింగ్ గదులు. మేం వాడే గదులకు కోటల పేర్లు పెట్టారు: గోల్కొండ, భువనగిరి, కొండపల్లి, రాచకొండ. క్యాలెండర్‌లో పిలుపు ‘భువనగిరి, 3 గంటలు’ అని వస్తుంది, అదెక్కడుందో రాయరు. నాలుగూ నడిచి చూశాం. రాచకొండ ఒక్కటి మాత్రం అయిదో అంతస్తులో ఉంది, అక్కడికి ఆమె కార్డుకి అనుమతి వేరేగా అడగాలి. ఆ టికెట్‌లోనే ఆ మాట కూడా చేర్చాం.

మందుల గది, విశ్రాంతి గది, బాత్రూముల వైపు టెస్టింగ్ లీడ్ గారు తీసుకెళ్లారు. నేను మంచినీళ్ల దగ్గర నిలబడ్డాను. వాళ్లు తిరిగొచ్చేసరికి ఎనిమిది నిమిషాలైంది, ఇద్దరూ మాట్లాడుకుంటూ వస్తున్నారు, ఆ అమ్మాయి మొదటిసారి పళ్లు కనిపించేట్టు నవ్వుతోంది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియక్కర్లేదు. నేనొక్కణ్నే వెళ్లి ఉంటే ఈ ఎనిమిది నిమిషాలు ఉండేవి కావు.

అగ్నిప్రమాదం మెట్లు దిగి కింద అందరూ గుమిగూడే చోటు చూపించాం. మెట్లు దిగడం అవసరమా అని మొదట అనుకున్నాను, కానీ ఆ తలుపు లోపలి నుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయటి నుంచి తెరుచుకోదు. తెలియక మెట్లలోకి వెళ్లినవాళ్లు మళ్లీ పైకి రాలేరు, కిందిదాకా దిగాల్సిందే. ఒకసారి చూస్తే చాలు, గుర్తుండిపోతుంది.

ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఆమె మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉంటోంది. పగలు ఎలాగైనా వెళ్లొచ్చు. మా ఆఫీసులో రాత్రి 8 దాటితే ఆడవాళ్లకు క్యాబ్ ఇస్తారు, చివరగా దిగేది ఆడమనిషైతే బండిలో గార్డు ఉంటాడు. కానీ ఆ క్యాబ్ సాయంత్రం 5లోపే యాప్‌లో పెట్టుకోవాలి. అయిదు దాటాక ఆలస్యమవుతుందని తెలిస్తే డెస్క్‌కి ఫోన్ చేయాలి, మేనేజరు నుంచి ఒక సందేశం కావాలి. ‘పని పడితే ఏడింటికి చెప్తారు, అయిదింటికి ఎట్ల తెలుస్తది?’ అని అడిగింది. సరైన ప్రశ్న. టెస్టింగ్ లీడ్ గారు చెప్పిన ఉపాయం: రిలీజ్ ఉన్న వారాల్లో రోజూ పెట్టేసుకో, అక్కర్లేకపోతే ఆరున్నరకు రద్దు చేయి. రద్దు చేయకుండా ఊరికే వదిలేస్తే మూడోసారికి పేరు ఆపేస్తారు, అది మాత్రం గుర్తుంచుకోమన్నారు.

దారిలో నలుగురినే పరిచయం చేశాం. ప్రతి ఒక్కరినీ ఒక్కో పనితో కలిపి చెప్పాం: ల్యాప్‌టాప్ ఆగిపోతే ఈయన, జీతం కాగితాల్లో తేడా వస్తే ఆవిడ, డేటాబేస్‌కి అనుమతి కావాలంటే వెనక వరసలో ఈ తమ్ముడు, నాలుగో ఆయన ఫెసిలిటీస్. నలుగురిలో మూడో పరిచయం దగ్గర నేను నోరు జారాను. ‘సోలాపూర్ నుంచి వచ్చింది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు’ అన్నాను. ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. అది ఆమె చెప్పుకోవాల్సిన మాట, నేను చెప్పాల్సింది కాదు. నాకు అది ముచ్చటైన సంగతి, ఆమెకు నిన్నటి కంగారు. సాయంత్రం మా ముగ్గురి గ్రూపులో కాకుండా విడిగా క్షమించమని రాశాను. ‘పర్వాలేదు సర్’ అంది. పర్వాలేదనే అంటారు. ఆ తర్వాత పరిచయం చేసేటప్పుడు పేరూ, చేస్తున్న పనీ తప్ప ఇంకేదీ నా నోట రాకుండా చూసుకుంటున్నాను.

క్యాంటీన్‌కి చేరేసరికి 12:20. ఒంటిగంట జనం ఇంకా రాలేదు, అందుకే 11:30 అని పెట్టాం. ముందు యాప్ వేయించి అందులో 500 రూపాయలు వేసుకోమన్నాం. కౌంటర్ దగ్గర కోడ్ చూపించి తీసుకోవడం ఆమే చేసింది, మేం పక్కన నిలబడ్డాం. నంద్యాల అబ్బాయి ఆ వేళకి అక్కడే ఉన్నాడు, తన పళ్లెం తీసుకుని మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నేను పిలవలేదు.

తింటూ ఆమె అడిగింది, ఇక్కడ భాకరి దొరకదా అని. జొన్నరొట్టె. సోలాపూర్‌లో పల్లీల చట్నీతో తింటారట. లోపల దొరకదు గానీ మా గేటు బయట ఎడమ సందులో ఒక చిన్న మెస్ ఉంది, అక్కడ వారంలో రెండు మూడు రోజులు జొన్నరొట్టె చేస్తారు, ఏ రోజో ముందు తెలియదు. పొద్దున పలక మీద సుద్దతో రాసి బయట పెడతారు. తెలుగులో.

ఆ మధ్యాహ్నం మా గ్రూపులో నేను నాలుగే వాక్యాలు పెట్టాను, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. కార్డు, సీటు, ఏసీ గురించి `#facilities`లో అడగాలి, ల్యాప్‌టాప్ గురించి `#it-help`లో, క్యాబ్ గురించి `#transport`లో. ఎక్కడ అడగాలో తెలియనిది ఈ గ్రూపులో. తిరిగేటప్పుడు నోటితో చెప్పినవి మూడొంతులు మరిచిపోతారు, ఈ నాలుగు వాక్యాలు వెతుక్కుంటే దొరుకుతాయి. వాటిని గ్రూపు పైన అంటించి ఉంచాను. కార్డు బుధవారం మధ్యాహ్నానికి పనిచేసింది, ఆమే రాసింది: ‘పచ్చ దీపం వచ్చింది.’

నడక నిజానికి 50 నిమిషాలు పట్టింది, పది ఎక్కువ. సీటు దగ్గర నేను మా బిల్లింగ్ ప్రోగ్రాము ఎలా నడుస్తుందో చెప్పడం మొదలుపెట్టాను, టెస్టింగ్ లీడ్ గారు ‘అది గురువారం చెప్పండి’ అని ఆపకపోతే ఇంకా పట్టేది. తలుపులు, మెట్లు, భోజనం చూసే రోజున ప్రోగ్రాము తలకెక్కదు. గురువారం గంటసేపు కూర్చుని చెప్పాను, అప్పుడు ఆమె అడిగిన ప్రశ్నలు వేరే స్థాయిలో ఉన్నాయి.

మా ముగ్గురి గ్రూపు ఆ వారంతో ఆగిపోతుందనుకున్నాను. రెండో వారం బుధవారం పొద్దున తొమ్మిదింపావుకి అందులో ఒక ఫోటో వచ్చింది. మెస్ ముందున్న పలక, దాని మీద సుద్దతో గజిబిజిగా రాసిన నాలుగు వరసలు. కింద ఆ అమ్మాయి రాసింది: ‘అక్కా, అన్నా, ఇయ్యాల ఏం రాసిండ్రు?’

నేను కొట్టేలోపే ఖమ్మం ఆవిడ నుంచి జవాబు పడింది. ‘మూడో వరస చూడు. జొన్నరొట్టె. ఒంటిగంటకి ముందే వెళ్దాం, అయిపోతాయి.’